మీ హాల్లో వెలుతురు ఎంత? టీవీ కొనేముందు అది చూడండి

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూంకైనా వెళ్లి చూడండి, ఖరీదైన టీవీలు ఎప్పుడూ లోపలి గదిలోనే ఉంటాయి. అక్కడ లైట్లు తక్కువ, గోడలకు ముదురు రంగు. తెర మీద నల్లటి ఆకాశంలో పటాకులు పేలుతుంటాయి, లేదంటే నల్లటి నేపథ్యం మీద తేనె బొట్టు జారుతుంటుంది. చూసినవాళ్లకు కళ్లు చెదురుతాయి, ఆ నలుపు నిజంగా నలుపే మరి. అయితే ఆ టీవీ రేపు వెళ్లేది ఆ చీకటి గదిలోకి కాదు. మన హాల్లోకి, ట్యూబ్‌లైట్ కిందికి, వీధి దర్వాజకు ఎదురుగా.

సెప్టెంబర్ 22, 2025 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఇన్నాళ్లూ చిన్న టీవీతో సర్దుకున్న ఇళ్లలో 55 అంగుళాల మాట వినిపిస్తోంది. ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బుతోనో, పండుగ బోనస్‌తోనో జీవితంలో మొదటిసారి పెద్ద టీవీ కొనే మన ఊరి కుటుంబాలకు షోరూం వాళ్లు చెప్పని రెండు విషయాలు చెప్పాలని మా ప్రయత్నం.

ముందు పేర్ల గందరగోళం. ఎల్‌ఈడీ టీవీ అంటే బొమ్మ గీసేది ఎల్‌ఈడీలని చాలామంది అనుకుంటారు. కాదు, ఎల్‌ఈడీలు వెనక వెలిగే దీపాలు మాత్రమే. ముందున్న ఎల్‌సీడీ తెర ఆ వెలుతురును ఎక్కడ ఎంత వదలాలో, ఎంత ఆపాలో చూసుకుంటుంది, కిటికీకి కట్టిన పరదాలాగా. పరదా ఎంత మందంగా ఉన్నా కొంచెం వెలుతురు కారుతూనే ఉంటుంది కాబట్టి చీకట్లో ఈ టీవీ నలుపు ముదురు బూడిద రంగులో కనిపిస్తుంది. ఓఎల్‌ఈడీలో వెనక దీపమే లేదు. 4కే తెర మీది దాదాపు 83 లక్షల చుక్కల్లో ప్రతిదీ తనంతట తాను వెలుగుతుంది, నలుపు కావాలంటే ఆరిపోతుంది. ఇక క్యూఎల్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ పేర్లతో వచ్చేవన్నీ వెనక దీపం ఉన్న టీవీలే. డబ్బా మీది ఇంగ్లిష్ అక్షరాల్లో క్యూకీ ఓకీ తేడా ఒక చిన్న తోక. ఆ తోక చూడకుండా ఓఎల్‌ఈడీ అనుకుని క్యూఎల్‌ఈడీ ఇంటికి తెచ్చుకున్నవాళ్లు మాకు తెలుసు.

ఇప్పుడు అసలు విషయం. ఒకే 55 అంగుళాల సైజులో మామూలు ఎల్‌ఈడీ ధరకు ఓఎల్‌ఈడీ రెండు మూడింతలు పలుకుతుంది. ఆ ఎక్కువ డబ్బులో పెద్ద భాగం ఆ నలుపు కోసమే. మరి మన హాల్లో ఆ నలుపు కనిపిస్తుందా?

లెక్క వేసి చూద్దాం. తెర వెలుగును నిట్లలో కొలుస్తారు. ఓ మోస్తరు మంచి ఎల్‌ఈడీ తెర 300 నిట్ల తెలుపు ఇస్తుందని, అందులో నాలుగు వేల వంతు వెలుతురు నలుపులోకి కారుతుందని అనుకుందాం. అప్పుడు ఆ నలుపు 0.07 నిట్ల దగ్గర ఉంటుంది. ఓఎల్‌ఈడీలో అది సున్నా. చీకటి గదిలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కానీ ట్యూబ్‌లైట్ వెలుగుతున్న హాల్లో ఎదుటి తెల్ల గోడ 30 నిట్ల దాకా వెలుగుతుంది. తెర అందులో రెండు శాతం తిప్పి కొట్టినా అర నిట్ పైనే మన కళ్లకు చేరుతుంది. ఎల్‌ఈడీ లోపలి నుంచి కారే వెలుతురుకు అది ఏడెనిమిది రెట్లు. అంటే రెండు తెరల నలుపు మీదా గోడ వెలుతురే పరుచుకుంటుంది, రెండూ దాదాపు ఒక్కలాగే కనిపిస్తాయి. ఇంకా దర్వాజ తెరిచి ఉండి, ఎండ పడిన వీధి తెరలో అద్దంలా కనిపిస్తుంటే ఈ లెక్క కూడా అక్కర్లేదు, అక్కడ గెలిచేది ఎక్కువ వెలుగు ఇచ్చే తెర మాత్రమే.

వెలుగు దగ్గర ఓఎల్‌ఈడీకి ఒక పరిమితి ఉంది. పటాకు మెరుపు లాంటి చిన్న చోట అది బాగా ప్రకాశిస్తుంది. తెరంతా తెల్లగా ఉన్నప్పుడు, ఉదాహరణకు పగటిపూట క్రికెట్ మ్యాచ్‌లోనో, తెల్లటి స్టూడియోలో కూర్చున్న న్యూస్ రీడర్ వచ్చినప్పుడో, చుక్కలన్నీ ఒకేసారి కరెంటు లాగి వేడెక్కకుండా టీవీయే వెలుగు తగ్గించేస్తుంది. మంచి మినీ ఎల్‌ఈడీకి ఈ ఇబ్బంది చాలా తక్కువ. ఎండాకాలం మధ్యాహ్నం కూలర్ గాలి కోసం కిటికీలు తెరిచి ఉంచే ఇంట్లో ఈ తేడా రోజూ కనిపిస్తుంది.

ఒక్క చోట మాత్రం వెలుతురున్న హాల్లోనూ ఓఎల్‌ఈడీదే పైచేయి, అది పక్క నుంచి చూడటం. ఇంట్లో ఇద్దరు దివాన్ మీద, నలుగురు చాప మీద, ఒకరు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తుంటారు. ఓఎల్‌ఈడీలో ఆ గుమ్మం నుంచి కూడా రంగులు సరిగ్గానే ఉంటాయి. నలుపు బాగా చూపించే వీఏ రకం ఎల్‌ఈడీ తెరల్లో పక్కకు జరిగితే రంగులు వెలిసినట్టవుతాయి. ఐపీఎస్ రకంలో పక్క చూపు బాగుంటుంది, నలుపు ఇంకా తేలిపోతుంది. ఏ రకం తెరో డబ్బా మీద రాయరు, అడిగితే సేల్స్ అబ్బాయికి కూడా తెలియకపోవచ్చు. షోరూంలోనే నాలుగడుగులు పక్కకు వేసి చూడండి, తెలిసిపోతుంది.

రెండో విషయం వార్తల ఛానళ్లది. మన తెలుగు న్యూస్ ఛానల్ తెరను ఒకసారి శ్రద్ధగా చూడండి. పైన మూలకు లోగో, కింద ఎర్ర పట్టీ, ఆ కింద ఇంకో పట్టీ, పక్కన బ్రేకింగ్ డబ్బా. పొద్దున్నుంచి రాత్రి దాకా అవి కదలవు. ఓఎల్‌ఈడీలో వెలుగునిచ్చేది సేంద్రియ పదార్థం, వెలిగిన కొద్దీ అరుగుతుంది. తెరంతా సమానంగా అరిగితే కంటికి తెలియదు. లోగో ఉన్న చోట ఎక్కువ అరిగితే సినిమా చూస్తున్నా అక్కడ నీడలా మరక కనిపిస్తుంది. దీన్నే బర్న్ ఇన్ అంటారు. రోజుకు ఆరు గంటలు ఒకే ఛానల్ నడిచే ఇంట్లో ఏడాదికి 2190 గంటలు అవే చుక్కలు అదే ఎరుపును మోస్తాయి. కెనడాలోని ఆర్‌టింగ్స్ అనే పరీక్షా సంస్థ 2018లో ఆరు ఓఎల్‌ఈడీ టీవీలను రోజుకు 20 గంటలు నడిపి చూసింది. వార్తల ఛానల్ నడిచిన వాటికి మరకలు పడ్డాయి. ఆ తర్వాత వచ్చిన తెరలు మెరుగుపడ్డాయి, రకరకాల సినిమాలు, సీరియళ్లు, మ్యాచ్‌లు చూసే ఇంటికి ఇది పెద్ద భయం కాదు. తాతయ్య పొద్దున ఛానల్ పెడితే రాత్రి భోజనం దాకా మార్చని ఇంటికి మాత్రం ఇది నిజమైన ముప్పే.

దీనికి మన ఇళ్లలో ఒక అలవాటు తోడవుతుంది. టీవీ చూడటం అయిపోగానే గోడ స్విచ్ కట్టేస్తాం, కరెంటు ఆదా అని, పిడుగుల భయం అని. ఓఎల్‌ఈడీ టీవీలు చాలావాటికి కొన్ని గంటల వాడకం తర్వాత, రిమోట్‌తో ఆపినప్పుడు, లోపల తమంతట తాము తెరను సరిచేసుకునే పని ఒకటుంటుంది. చుక్కల అరుగుదలను కొలిచి, తేడాను సర్దుతుంది. కొన్ని నిమిషాలు పడుతుంది, గోడ స్విచ్ వేసి ఉంటేనే జరుగుతుంది. ఏళ్ల తరబడి స్విచ్ కట్టేస్తూ పోతే ఆ పని ఎప్పటికీ జరగదు. ఓఎల్‌ఈడీ కొంటే రిమోట్‌తో ఆపి ఓ అరగంట ఆగాకే స్విచ్ కట్టండి. వారంటీ కాగితంలో బర్న్ ఇన్ గురించి ఏం రాశారో బిల్లు కట్టకముందే చదవండి, చాలాచోట్ల అది వారంటీ కిందికి రాదు.

అలాగని ఎల్‌ఈడీకి జబ్బులు లేవని కాదు. మా ఆఫీసులో గోడకున్న టీవీ ఒకరోజు మాటలు వినిపిస్తూనే నల్లబడిపోయింది. మెకానిక్ వచ్చి లైట్లు ఆర్పమని, ఫోన్ టార్చ్ తెరకు ఆనించినట్టు పట్టుకుని ఏటవాలుగా కొట్టాడు. ఆ వెలుతురులో లీలగా మనుషుల బొమ్మలు కదులుతూ కనిపించాయి. తెర బాగానే ఉంది, వెనక దీపాల పట్టీ పోయింది. చాలా టీవీల్లో ఆ దీపాలు వరుసగా కలిపి ఉంటాయి, ఒకటి పోయినా వరుస అంతా ఆరిపోతుంది. పట్టీలు మార్చాడు, టీవీ మళ్లీ వెలిగింది. ఆ రిపేరు వరంగల్‌లోనే, కొత్త టీవీ ధరలో చిన్న భాగంతో అయిపోయింది. ఓఎల్‌ఈడీలో తెరే దీపం కాబట్టి తెర పోతే తెరంతా మార్చాలి, దానికయ్యే ఖర్చు కొత్త టీవీకి దగ్గరగా పోతుంది. అన్నట్టు, కొత్త ఎల్‌ఈడీ ఇంటికి రాగానే బ్యాక్‌లైట్ వందలో ఉంటే అరవై డెబ్బైకి తగ్గించుకోండి, దీపాలు ఎక్కువ కాలం వస్తాయి.

కాశిబుగ్గలో మాకు తెలిసిన ఒక కుటుంబం ఈమధ్య ఇదే సందేహంతో మమ్మల్ని అడిగింది. ఓఎల్‌ఈడీ చూసి మనసు పారేసుకున్నారు, సగం అప్పు చేయడానికీ సిద్ధపడ్డారు. ఇంటికి వెళ్లి చూశాం. హాలు తూర్పు ముఖం, దర్వాజ పొద్దంతా తెరిచే ఉంటుంది, టీవీ పెట్టే గోడ సరిగ్గా దానికి ఎదురు. పెద్దాయన వార్తలు వదలరు. సినిమా వారానికి ఒకటి, అదీ లైటు వేసుకునే. ఈ ఇంటికి ఓఎల్‌ఈడీ వద్దన్నాం. లోకల్ డిమ్మింగ్ ఉన్న మినీ ఎల్‌ఈడీ చూడమన్నాం. అందులో వెనక దీపాలు గుంపులుగా విడివిడిగా తగ్గుతాయి, నల్లటి సీన్లలో కారే వెలుతురు తగ్గుతుంది. గుంపులు తక్కువైతే నల్ల తెర మీద తెల్ల అక్షరాల చుట్టూ పొగమంచులా వెలుతురు కనిపిస్తుంది. అది తెలుసుకోవడానికి పెన్‌డ్రైవ్‌లో నల్ల తెర మీద తెల్ల అక్షరాలున్న ఒక ఫొటో, తెరంతా ముదురు బూడిద రంగున్న ఇంకో ఫొటో పట్టుకెళ్లమన్నాం. మొదటిదాంట్లో పొగమంచు, రెండోదాంట్లో చారలు, మచ్చలు బయటపడతాయి. వాళ్ల అబ్బాయి రెండు షోరూంలలో ఇలా చూశాడు. ఒకచోట పెన్‌డ్రైవ్ పెట్టనిచ్చారు, ఇంకోచోట ఒప్పుకోలేదు. పెట్టనిచ్చిన చోటే కొన్నారు. అదే పెద్దాయన కొడుకు నయీంనగర్ ఫ్లాట్‌లో పడకగదికి టీవీ కావాలంటే, కిటికీకి మందం పరదాలుండి రాత్రి పదయ్యాక లైటార్పి సినిమాలు చూసే మనిషైతే, డబ్బుంటే ఓఎల్‌ఈడీ తీసుకోమని నిస్సంకోచంగా చెబుతాం. ఆ గదిలో ఆ నలుపుకు పెట్టిన ప్రతి రూపాయీ కంటికి కనిపిస్తుంది.

షోరూం యజమానులను మేం అడిగేది పెద్దదేమీ కాదు. లోపలి చీకటి గదిలో ఒక ట్యూబ్‌లైట్ పెట్టండి, దానికి స్విచ్ కొనేవాళ్ల చేతికి అందేలా ఉంచండి. డెమో వీడియోతో పాటు ఒక తెలుగు న్యూస్ ఛానల్ కూడా పెట్టి చూపించండి. ఎన్ని డిమ్మింగ్ గుంపులున్నాయో, బర్న్ ఇన్ వారంటీ కిందికి వస్తుందో రాదో ధర పక్కనే తెలుగులో రాసి అంటించండి.