దావా ఒక్కటే, ఒక ఏడాది నోట్‌లో, మరో ఏడాది బ్యాలెన్స్ షీట్‌లో ఎందుకు?

ఒక కంపెనీ మీద 80 లక్షలకు నష్టపరిహారం దావా పడిందనుకుందాం. మొదటి ఏడాది బ్యాలెన్స్ షీట్‌లో దాని ఊసే ఉండదు, ఖాతాలకు వివరణగా జతచేసే నోట్స్‌లో ఒక పేరా కనిపిస్తుంది. మరుసటి ఏడాది 50 లక్షలు ఒక్కసారిగా అప్పుల వైపు వచ్చి చేరతాయి, లాభం అంతమేర తగ్గుతుంది. కంపెనీ ఏదో దాచిపెట్టిందని చాలామందికి అనుమానం వస్తుంది. నిజానికి లెక్క సరిగ్గా రాసినా ఇలాగే జరగవచ్చు.

అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 37 ప్రకారం ప్రొవిజన్ పెట్టాలంటే, అంటే ఇంకా పూర్తిగా తేలని అప్పును బ్యాలెన్స్ షీట్‌లో రాయాలంటే, మూడు షరతులు తీరాలి. జరిగిపోయిన ఘటన వల్ల ఇప్పటికే కంపెనీ మీద బాధ్యత పడి ఉండాలి. దాన్ని తీర్చడానికి డబ్బు బయటికి పోయే అవకాశం, పోని అవకాశం కంటే ఎక్కువ ఉండాలి. మొత్తాన్ని నమ్మదగినట్టు అంచనా కట్టగలగాలి. బాధ్యత ఉందో లేదో ఇంకా తేలకపోయినా, ఉండి కూడా మిగతా రెండింట్లో ఒకటి తప్పినా అది కంటింజెంట్ లయబిలిటీ. దాని చోటు నోట్స్. డబ్బు పోయే అవకాశం బహు స్వల్పమైతే నోట్ కూడా అక్కర్లేదు. అంకె కచ్చితంగా తెలియకపోవడం ఒక్కటే నోట్స్‌లోకి నెట్టడానికి కారణం కాదు. ప్రొవిజన్ అంటేనే ఎంతో, ఎప్పుడో పూర్తిగా తేలని అప్పు.

మన దావాకే వద్దాం. మొదటి ఏడాది చివర న్యాయవాది ఓడిపోయే అవకాశం 30 శాతమే అన్నాడు. కొందరు అకౌంటెంట్లు 80 లక్షల్లో 30 శాతం, అంటే 24 లక్షలు ప్రొవిజన్ పెడదామంటారు. జాగ్రత్తలా కనిపించే తప్పు ఇది. కంపెనీ గెలిస్తే కట్టేది సున్నా, ఓడితే కట్టేది పెద్ద మొత్తం. 24 లక్షలు కట్టే పరిస్థితి ఎటూ రాదు. కాబట్టి బ్యాలెన్స్ షీట్‌లో ఏమీ రాయరు. దావా స్వభావం, వీలైతే పడగల భారం, ఫలితం ఎందుకు తేలలేదన్నది, బీమా వంటి వాటి నుంచి తిరిగి వచ్చే అవకాశం నోట్‌లో చెబుతారు.

రెండో ఏడాది కింది కోర్టులో తీర్పు కంపెనీకి వ్యతిరేకంగా వచ్చింది. అప్పీలు వేసినా ఓటమి అవకాశం 60 శాతమని, కట్టాల్సి వచ్చేది చాలావరకు 50 లక్షలని న్యాయవాది చెప్పాడు. ఇప్పుడు ప్రొవిజన్ 50 లక్షలు, అందులో 60 శాతం కాదు. ఒకే ఒక్క బాధ్యత ఉన్నప్పుడు ఎక్కువగా జరగగల ఫలితమే సాధారణంగా అంచనాకు ఆధారం. బీమా కంపెనీ 20 లక్షలు ఇస్తానని ఒప్పేసుకుని, అది దాదాపు ఖాయమైతే, దాన్ని విడిగా ఆస్తిగా చూపాలి. ప్రొవిజన్‌లోంచి తీసేసి 30 లక్షలే రాయడం కుదరదు. బీమావాళ్లు ఇచ్చినా ఇవ్వకపోయినా దావా వేసినవాడికి బాకీ పడింది ఈ కంపెనీయే కదా.

వారంటీ దగ్గర లెక్క తిరగబడుతుంది. 10,000 యంత్రాలు అమ్మితే, ఏ ఒక్కటి తీసుకున్నా చెడిపోయే అవకాశం తక్కువే. ఒక్కొక్కటిగా చూస్తే ప్రొవిజనే ఉండదు. అందుకే మొత్తాన్ని ఒకే గుంపుగా చూడాలి. 3 శాతానికి 500 చొప్పున చిన్న మరమ్మతు, 1 శాతానికి 4,000 చొప్పున పెద్ద మరమ్మతు వస్తాయనుకుంటే 1.5 లక్షలు, 4 లక్షలు కలిపి 5.5 లక్షలు. ఇక్కడ సంభావ్యతతో గుణించడం సబబే, ఎందుకంటే వేల యంత్రాల మీద అసలు ఖర్చు ఆ సగటుకు దగ్గరగానే వస్తుంది.

ఈ పద్ధతిలో బలహీనత లేకపోలేదు. 49 శాతం దగ్గర సున్నా, 51 దగ్గర మొత్తం భారం. ఆ గీతకు ఇవతలే ఉండిపోవాలని యాజమాన్యానికి ఆశ పుడుతుంది, న్యాయవాది లేఖ కూడా తేల్చిచెప్పకుండా వస్తుంది. అయినా ప్రతి దావాకూ కొంత శాతం పక్కన పెట్టనిస్తే వచ్చే చేటు ఇంతకంటే పెద్దదని నా అభిప్రాయం. లాభాలు బాగున్న ఏడాది దాచుకుని, బాగాలేని ఏడాది బయటికి తీసే వీలు దొరుకుతుంది. ఐఏఎస్ 37 రాబోయే నష్టాలకు ప్రొవిజన్ వద్దన్నదీ, ఒక ఖర్చుకు పెట్టిన ప్రొవిజన్‌ను మరో ఖర్చుకు వాడొద్దన్నదీ ఇలాంటి సర్దుబాట్లను అడ్డుకోవడానికే.

తేదీ దగ్గర కూడా తరచూ పొరపాటు జరుగుతుంది. ఏడాది ముగిశాక, ఖాతాలు ఆమోదం పొందేలోపు తీర్పు వచ్చి, ఏడాది చివరికే బాధ్యత ఉందని తేల్చితే, ఆ ఏడాది ఖాతాల్లోనే ప్రొవిజన్ పెట్టాలి. తీర్పు తేదీ కొత్త ఏడాదిలో పడిందన్న సాకు చెల్లదు.

నివేదిక చదివేవాళ్లు రెండేళ్ల నోట్స్ పక్కపక్కన పెట్టుకుంటే చాలా సంగతులు బయటపడతాయి. నిరుడు కంటింజెంట్ లయబిలిటీల్లో ఉన్న దావా ఈసారి కనిపించకపోతే, ప్రొవిజన్ల కదలికల పట్టికలో ఆ ఏడాది చేర్చిన మొత్తం చూడాలి. అక్కడ దాని జాడ లేదు, గెలిచామనో రాజీ అయ్యామనో ఎక్కడా రాయలేదు అంటే, అడగాల్సిన ప్రశ్న అదే.