హాట్‌స్పాట్‌కి డేటా అక్కర్లేదు

పోయిన ఎండాకాలం తాడిపత్రి దగ్గర మా అవ్వ వాళ్ల ఊరికి వెళ్లాను. ఒకరోజు సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. ఇంకో గంటకి టవర్ కూడా పోయింది. వాన తగ్గాక అందరం మిద్దెక్కాం. నేను, పిన్ని పిల్లలిద్దరు, మామ కొడుకులిద్దరు, పక్కింటి పిల్లోడు, మొత్తం ఆరుగురం. ఆరు ఫోన్లున్నాయి, ఒక్కదాంట్లోనూ సిగ్నల్ లేదు. పిల్లలు రోజూ ఆడే ఆట తెరిస్తే గుండ్రంగా తిరుగుతూనే ఉంది. "హాట్‌స్పాట్ పెడతాను, అందరం కలిసి ఆడుకుందాం" అన్నాను. ఇంటర్ చదివే మామ కొడుకు నా వైపు వింతగా చూసి, "నెట్టే లేదు కదా బావా, హాట్‌స్పాట్ పెట్టి ఏం పంచుతావ్?" అన్నాడు.

ఈ ప్రశ్న వాడిదొక్కడిదే కాదు. అనంతపురంలో నాతో పనిచేసే బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇదే అడిగారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ఫోన్ రెండు పనులు చేస్తుంది. మొదటిది, తనే ఒక చిన్న వైఫై రూటర్ అయిపోయి, వచ్చి చేరిన ప్రతి ఫోన్‌కీ ఒక అడ్రస్ ఇస్తుంది. రెండోది, ఆ ఫోన్లు అడిగినదాన్ని మొబైల్ డేటా మీదుగా బయటికి పంపుతుంది. మనకు రెండో పనే తెలుసు కాబట్టి, డేటా లేకపోతే మొదటిది కూడా ఉండదనుకుంటాం. కానీ ఆండ్రాయిడ్ ఫోన్లో డేటా ఆఫ్ చేసినా, రోజు కోటా 1.5 జీబీ మధ్యాహ్నానికే అయిపోయినా, మొదటి పని మామూలుగానే జరుగుతుంది. పక్కపక్కన కూర్చున్న ఆరు ఫోన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి అది చాలు.

మరి పిల్లలు రోజూ ఆడే ఆటలెందుకు ఆడవు? ఫ్రీ ఫైర్ గానీ, బీజీఎంఐ గానీ, అందులో ఆట జరిగేది మన ఫోన్లలో కాదు, కంపెనీ సర్వర్లలో. నా భుజానికి భుజం ఆనించి కూర్చున్న తమ్ముడి మీద నేను తుపాకీ పేల్చినా, ఆ సంగతి టవర్ ఎక్కి ఎక్కడో ఉన్న సర్వర్‌కి వెళ్లి తిరిగి వాడి ఫోన్‌కి రావాలి. ర్యాంకులున్న చోట మోసం జరగకుండా అలా పెట్టారంటే ఒప్పుకుంటాను. కానీ అన్నదమ్ములు మిద్దె మీద సరదాగా ఆడుకునే ఆటకి ర్యాంకు ఎవరడిగారు? ఒక గది, అందులో నలుగురు, లోకల్ వైఫై. ఆ ఒక్క మీట పెడితే ఏం పోతుంది? నేను ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు మినీ మిలీషియా అలాగే ఆడేవాళ్లం. ఒక్కడు హాట్‌స్పాట్ పెడితే వరండా అంతా ఆడేది. ఇప్పుడు ఫోన్లు అప్పటికన్నా ఎన్నో రెట్లు బలమైనవి, ఆటలేమో లాగిన్ కాకపోతే తలుపే తియ్యవు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

సరే, ఆ రాత్రి సంగతికొస్తాను. నా ఫోన్లో బాంబ్‌స్క్వాడ్ ఉంది. ఎనిమిది మంది దాకా కలిసి బాంబులు విసురుకునే ఆట. పిల్లలకి ముందురోజే సిగ్నల్ ఉన్నప్పుడు దాన్ని ఎక్కించి పెట్టాను. ఫోన్లన్నింటిలో నాది కొత్తది, ఛార్జింగ్ కూడా ఉంది. కాబట్టి హాట్‌స్పాట్ నాదే, మిగతావాళ్లు వచ్చి చేరడానికి ఆట తెరిచేది కూడా నేనే. ఈ రెండూ ఒకే ఫోన్‌లో ఉండటం మంచిదని అనుభవం మీద చెబుతున్నాను. వేరేవాళ్ల ఫోన్లో ఆట తెరిస్తే ప్రతి మాటా ముందు నా ఫోన్‌కి వచ్చి, మళ్లీ వాళ్ల ఫోన్‌కి వెళ్లాలి. పైగా కొన్ని ఫోన్లు తమ హాట్‌స్పాట్‌లో చేరినవాళ్లను ఒకరితో ఒకరు మాట్లాడుకోనివ్వవు. ఇంకో సంగతి, ఇందులో ఆట మొత్తం నడిపేది తెరిచినవాడి ఫోనే. మిగతావి నొక్కిన మీటలు పంపి, బొమ్మ చూపించుకుంటాయి. అందుకే అది పాత ఫోనైతే అందరికీ ఆట నత్తనడక నడుస్తుంది.

అన్నీ సరిగా పెట్టాననుకున్నాను. ఐదుగురిలో ఇద్దరే లోపలికి వచ్చారు. మిగిలిన ముగ్గురికీ మూడు వేరువేరు కారణాలు. వీటిని విడదీసి చూడటం తెలిస్తే సగం పని అయినట్టే.

పక్కింటి పిల్లోడికి వాళ్ల నాయన పాత ఫోన్ ఇచ్చారు. అందులో నా హాట్‌స్పాట్ పేరే కనబడలేదు. పేరే కనబడకపోతే పాస్‌వర్డ్ గురించి ఆలోచించి లాభం లేదు. నా హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంది. పాత ఫోన్లు, చవక ఫోన్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో బ్యాండ్ అని ఉంటుంది, దాన్ని 2.4కి మార్చాను. అర నిమిషంలో పేరు కనబడింది.

పిన్ని కూతురి ఫోన్ కనెక్ట్ అయింది గానీ వైఫై గుర్తు పక్కన చిన్న ఆశ్చర్యార్థకం ఉంది. ఇది మోసం చేసే గుర్తు. దాని అర్థం "ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు" అని. అది మనకి తెలిసిందే. కానీ ఫోన్ దానంతటదే "అయితే ఇది పనికిరాదు" అని తీర్మానించుకుని, పంపాల్సినవన్నీ మొబైల్ డేటా వైపే తోస్తుంది. టవర్ ఉండి, మొబైల్ డేటా మీట ఆన్‌లో ఉంటే ఆట పంపేవి కూడా అటే పోతాయి, నా ఫోన్‌కి చేరవు. ఆ రాత్రి టవర్ లేదు గానీ, ఇంటర్నెట్ లేకపోయినా కనెక్ట్ అయి ఉండాలా అని ఫోన్ అడిగినప్పుడు ఆ పిల్ల వద్దని నొక్కింది. మొబైల్ డేటా ఆఫ్ చేయించి, మళ్లీ కనెక్ట్ చేసి, ఈసారి అవునని నొక్కమన్నాను. సరిపోయింది. కొన్ని ఫోన్లలో వైఫై బాగాలేకపోతే దానంతటదే డేటాకి మారే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, అది కూడా ఆపాలి.

మామ పెద్దకొడుకు ఫోన్లో అన్నీ బాగున్నాయి. వైఫై ఉంది, డేటా ఆఫ్‌లో ఉంది, కానీ ఆటలో Nearby జాబితా ఖాళీ. ఆ జాబితా తయారవ్వాలంటే ఆట "ఇక్కడ ఎవరైనా ఆట తెరిచారా?" అని నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా ఒక కేక వేస్తుంది. తెరిచినవాడి ఫోన్ బదులు పలుకుతుంది. కొన్ని ఫోన్లలో ఆ కేక దారిలోనే ఆగిపోతుంది. అప్పుడు కేకతో పని లేకుండా నేరుగా ఇంటి నంబరు చెప్పడమే. వాడి ఫోన్లో వైఫై వివరాలు తెరిస్తే గేట్‌వే అని ఒక నంబరు ఉంటుంది. హాట్‌స్పాట్ ఫోన్ అడ్రస్ అదే. పాత ఆండ్రాయిడ్లలో అది ఎక్కువగా 192.168.43.1 ఉండేది, కొత్తవాటిలో మారుతూ ఉంటుంది, అందుకని ప్రతిసారీ చూసుకోవాలి. బాంబ్‌స్క్వాడ్‌లో Manual అనే చోట ఆ అడ్రస్, ఆటకి తలుపు నంబరు లాంటి పోర్ట్ 43210 కొట్టాలి. మామ కొడుకు ఒక్కో అంకె గట్టిగా చదువుతూ కొట్టాడు. నొక్కగానే వాడి బొమ్మ నా తెర మీద దూకింది. "ఓయబ్బా!" అని వాడు అరిచిన అరుపుకి కింద నుంచి అవ్వ, "ఏమైందిరా?" అని కేకేసింది.

ఇదే పద్ధతి మైన్‌క్రాఫ్ట్‌లో కూడా పనికొస్తుంది, అక్కడ పోర్ట్ 19132. డబ్బు పెట్టి కొనలేనివాళ్లు లువాంటి చూడండి. ఇంతకుముందు మైన్‌టెస్ట్ అనేవాళ్లు, 2024లో పేరు మార్చారు. పూర్తిగా ఉచితం, పోర్ట్ 30000. అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. లోపల ఆడే ఆట, బొమ్మలు తెరిచినవాడి ఫోన్లో ఉంటే చాలు, చేరినవాళ్లకి అవి హాట్‌స్పాట్ మీదుగానే వచ్చేస్తాయి. డేటా లేని ఊళ్లో ఇది ఎంత మేలో చెప్పక్కర్లేదు.

ఐఫోన్ ఉన్నవాళ్లతో హాట్‌స్పాట్ పెట్టించకండి, అది మొబైల్ డేటాని నమ్ముకుని నడుస్తుంది. వాళ్లను చేరమనండి. ఆట మొదటిసారి లోకల్ నెట్‌వర్క్ అనుమతి అడిగినప్పుడు వద్దంటే జాబితా ఖాళీగా ఉండిపోతుంది. దాన్ని సెట్టింగుల్లో ప్రైవసీ కింద మార్చుకోవచ్చు.

టవర్ ఉన్న రోజుల్లో ఇంకో జాగ్రత్త ఉంది, నేను దెబ్బతిని నేర్చుకున్నాను. హాట్‌స్పాట్ పెట్టేవాడు కూడా తన మొబైల్ డేటా ఆఫ్ చెయ్యాలి. ఒకసారి మర్చిపోయాను. చేరిన నాలుగు ఫోన్లూ వైఫై దొరికిందని సంబరపడి, ఫోటోలు దాచుకోవడం, యాప్‌లు అప్‌డేట్ చేసుకోవడం మొదలుపెట్టాయి. అరగంటలో నా ఆ రోజు కోటా ఖాళీ. ఆట వాడింది అందులో ఏమీ లేదు.

ఊరికి బయలుదేరే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. ఆటను డేటా ఉండగా ఒకసారి తెరిచి, అడిగినవన్నీ దించుకోనివ్వండి. తర్వాత ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి మళ్లీ తెరవండి. లాగిన్ దగ్గరే ఆగిపోయిందంటే దాన్ని తీసెయ్యండి, మిద్దె మీద అది ఎందుకూ పనికిరాదు. పేరు పక్కన 'ఆఫ్‌లైన్ మల్టీప్లేయర్' అని రాసి ఉన్నా నమ్మకండి. చాలాసార్లు ఒకే ఫోన్‌ని చేతులు మార్చుకుని ఆడటాన్ని కూడా అలాగే అంటారు. లోకల్ వైఫై అనో, లాన్ అనో ఉండాలి. అందరి దగ్గరా ఒకే వెర్షన్ ఉందో లేదో కూడా ఇంట్లోనే చూసుకోండి. అది తేడా ఉంటే ఊళ్లో సరిచెయ్యడం కష్టం.

ఆ రాత్రి పదిన్నర దాకా ఆడాం. పక్కింటి పిల్లోడు నీళ్లు తాగడానికి కిందికి దిగితే, బండల మిద్దె అడ్డం వచ్చి వాడి బొమ్మ కదలకుండా నిలబడిపోయింది. వాడు మెట్లెక్కి వచ్చేలోపు అందరూ దాని చుట్టూ బాంబులు పేర్చి కూర్చున్నారు. మధ్యలో కరెంటు వచ్చింది, ఎవరూ కిందికి పోలేదు. టవర్ పొద్దున్నే వచ్చింది. మామ కొడుకు ముందుగా అడిగింది, "బావా, ఈ పోర్ట్ నంబరు ఎంతన్నావ్? రాసుకుంటా" అని.