డిలీట్ నొక్కినా పోని రైతు ఆధార్

"యాప్‌లో ఏ డేటానూ నిజంగా డిలీట్ చేయొద్దు. is_deleted = true పెడితే సరిపోతుంది. ఆడిట్‌వాళ్లు ఎలాగూ అడుగుతారు. కస్టమర్‌కు కనపడదు కాబట్టి ఇబ్బంది లేదు. రేపు కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు."

ఈ సలహాలోని చివరి మాటలో నిజం ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. పొరపాటున నొక్కిన డిలీట్‌ను సరిదిద్దుకోవడానికి ఇలా తుడవకుండా గుర్తు మాత్రమే పెట్టే సాఫ్ట్ డిలీట్ మంచిదే. కానీ అలాంటి పొరపాటు బయటపడడానికి నెల రోజులు చాలు. ఆ తర్వాత కూడా ఆ రికార్డు ఎందుకుందో, ఎప్పటిదాకా ఉంటుందో చెప్పగలగాలి.

ఇక ఆడిట్ సంగతి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు యాప్ ఉందనుకుందాం. త్రిపురారం రైతు ఒకాయన యాసంగి వడ్లు తెచ్చి అమ్మాడు. ఆయన పేరు, ఊరు, ఫోన్ నంబర్, ఆధార్ ఫొటో, పాస్‌బుక్ ఫొటో యాప్‌లో చేరాయి. కాంటా చీటీ, కొనుగోలు బిల్లు, డబ్బు పంపిన యూటీఆర్ నంబరూ చేరాయి. రెండేళ్ల తర్వాత ఆయన వచ్చి "ఇక మీ మిల్లుకు వడ్లు తేను, నా వివరాలు తీసేయండి" అన్నాడు.

జీఎస్టీ చట్టం సెక్షన్ 36 ప్రకారం లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. మిల్లు కంపెనీ అయితే కంపెనీల చట్టం సెక్షన్ 128 కింద 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. ఈ రెండూ అడిగేది లెక్కల పుస్తకాలను, వాటికి ఆధారమైన బిల్లులను. పాత ఆధార్ ఫొటో లేకపోయినా బిల్లు, కాంటా చీటీ, యూటీఆర్ ఉంటే ఆ కొనుగోలు లెక్క తేలుతుంది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మరోవైపు నుంచి వస్తుంది. సేకరించిన పని తీరిపోయినా, మనిషి సమ్మతి వెనక్కి తీసుకున్నా, వేరే చట్టం ఉంచమంటే తప్ప ఆ డేటాను తుడిచేయాలి. నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. ఈ బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. కొన్ని అవసరాల కోసం డేటాను, లాగ్‌లను ప్రాసెస్ చేసిన తేదీ నుంచి కనీసం ఏడాది ఉంచాలనే షరతు కూడా అందులోనే ఉంది. అందుకే దాచేటప్పుడే తుడిచే తేదీని లెక్కగట్టి `purge_after` అనే కాలమ్‌లో రాసుకోవాలి. `is_deleted` ఒక్కటే ఉంటే ఆ గడువు ఎవరికీ గుర్తుండదు.

కనపడదన్నది అన్నిటికన్నా బలహీనమైన మాట. స్క్రీన్ మీద కనపడదు, అంతే. గుమాస్తా కోసం ఎక్సెల్ రిపోర్టు రాసిన కుర్రాడు `is_deleted = false` పెట్టడం మరిచిపోతే, ఆ రిపోర్టును బట్టి వానాకాలం మొదట్లో వెళ్లే ఎస్ఎంఎస్ ఆ రైతుకూ చేరుతుంది. ఆయన వదిలేసిన నంబర్ టెలికాం కంపెనీ ద్వారా ఇంకొకరికి వెళ్లి, వాళ్లు యాప్‌లో నమోదు కాబోతే "ఈ నంబర్ ఇప్పటికే ఉంది" అని వస్తుంది. దాచామనుకున్నది బయటపడేది ఇలాగే.

మరి నిజంగా తుడవడం ఎలా? నేరుగా DELETE కొడితే బిల్లుల టేబుల్‌లోని రైతు రికార్డుకు ముడిపడిన ఫారిన్ కీ అడ్డుపడుతుంది. చాలామంది అక్కడే విసిగిపోయి సాఫ్ట్ డిలీట్‌కు మళ్లుతారు. బిల్లు కొట్టినప్పుడే పేరు, ఊరు అందులోకి కాపీ చేసి, `farmer_id`కి `ON DELETE SET NULL` పెడితే బిల్లు నిలబడుతుంది, రైతు రికార్డు పోతుంది.

ఆధార్ ఫొటో మాత్రం డేటాబేస్‌లో ఉండదు. అక్కడ ఉండేది ఫైల్ దారి మాత్రమే. రికార్డును ముందే తుడిస్తే ఆ దారి పోయి, ఫైల్ దిక్కులేకుండా స్టోరేజీలో మిగిలిపోతుంది. కాబట్టి ముందు ఫైల్, తర్వాతే రికార్డు. స్టోరేజీలో పాత కాపీలను దాచే వెర్షనింగ్ ఆన్‌లో ఉంటే మామూలు డిలీట్ కూడా ఒక గుర్తు పెట్టి ఊరుకుంటుంది. పాత వెర్షన్లను విడిగా తీసేయాలి.

బ్యాకప్‌లను కోసి సరిచేయలేం. వాటికి గడువు పెట్టి, తుడిచిన ఐడీలు, తేదీ, కారణం మాత్రమే ఉన్న జాబితాను ఆ డేటాబేస్ బయట ఉంచాలి. లోపల ఉంచితే పాత బ్యాకప్‌ను రీస్టోర్ చేసినప్పుడు జాబితా కూడా వెనక్కి పోతుంది. రీస్టోర్ కాగానే, యాప్ తెరవకముందే, ఆ జాబితాను మళ్లీ నడపాలి. ఎప్పుడు తుడిచారని ఆడిటర్ అడిగినా చూపించేది దీన్నే.

పని జరుగుతోందో లేదో రోజూ పొద్దున ఇలా చూసుకోవచ్చు:

```sql
SELECT count(*) FROM farmers
WHERE is_deleted = true
  AND purge_after < now();
```

సున్నా రావాలి. రాకపోతే గడువు దాటినవాటిని తుడవడానికి రాత్రి నడవాల్సిన జాబ్ ఎక్కడో ఆగింది. ఫైల్ తుడిచే చోట పర్మిషన్ ఎర్రర్ ఉందేమో ముందు చూడండి.