పిన్నిగారి ఉప్మా

విజయవాడ గవర్నరుపేటలో మాది మిక్సీల కొట్టు. సరుకు చెడితే కొన్నవాళ్ళు వాట్సాప్‌లో మమ్మల్ని కడిగేస్తారు. కంపెనీ మాత్రం "వివరంగా మెయిల్ పెట్టండి" అంటుంది. మధ్యలో తిట్లను మెయిల్‌గా మార్చే పని నాది.

మొన్న సత్యనారాయణపురం పిన్నిగారి మెసేజ్ వచ్చింది. "బాబూ, నాకు అంటగట్టింది మిక్సీయా, పిండిమరా? మూడోసారి మినప్పప్పు వేశానో లేదో వీధంతా లేచి కూర్చుంది. గట్టు మీద తెల్లటి చెరువు. టైరు కాలిన కంపు. అట్లు పోస్తానంటే ఆశపడ్డ మీ బాబాయిగారు చివరికి ఉప్మా తిన్నారు. ఆ కంపెనీ వాడి వంశం..." ఆ పైది ఇక్కడ రాయలేను.

తిట్లను తీసిపారేయకూడదు. సరుకంతా అందులోనే ఉంటుంది. వీధి లేచిందంటే చప్పుడు, చెరువంటే జార్ కారడం, టైరు కంపంటే రబ్బరు అరగడం. ఉప్మా ఒక్కటే కంపెనీకి అక్కర్లేదు.

ఫోన్ చేసి, జార్ తీసేసి ఉత్త మిక్సీ ఒక్క క్షణం తిప్పమన్నాను. చప్పుడు లేదు. అంటే మోటారు మంచిదే, గొడవ జార్‌లోనో, దాన్ని మోటారుకు కలిపే కింది కప్లర్‌లోనో ఉంది. జార్ తిరగేయిస్తే అడుగంతా తడి. కప్లర్ చుట్టూ నల్లటి పొడి. ఇరుసు దగ్గర బుష్ పోయిందని నా అనుమానం. కానీ మెయిల్లో ఆ మాట రాయను. "బుష్ బాగానే ఉంది" అని ఒక్క ముక్కతో ఫిర్యాదు మూసేస్తారు. కారుతోందంటే మాత్రం, వీడియో చూశాక ఎవరు కాదంటారు?

పప్పు ఎంత వేశారన్నాను. "గుప్పెడు" అన్నారు. గుచ్చి అడిగితే, "మొదటిసారి జార్ మెడదాకా... ఆ ఒక్కసారేలే!" అదీ రాశాను. దాచినా, రేపు మెకానిక్‌కి కాఫీ ఇస్తూ ఆవిడే చెప్పేస్తారు.

చివరికి మెయిల్ ఇలా తేలింది: "బిల్లు, సీరియల్ నంబరు ఫొటోలు జతచేశాం. మూడో వాడకంలో జార్ అడుగు నుంచి పిండి కారింది. జార్ పెట్టి తిప్పితే పెద్ద చప్పుడు, రబ్బరు కాలిన వాసన. జార్ లేకుండా ఆ రెండూ లేవు. వీడియోలు చూడగలరు. మొదటిసారి పప్పు గీత దాటి వేశారు, ఆ రోజు ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత రెండుసార్లూ గీత లోపే వేశారు. వారంటీ ఉంది కనుక జార్, కప్లర్ ఉచితంగా మార్చాలి. 7 పనిదినాల్లో జవాబు రాకపోతే కొనుగోలుదారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తారు."

పిన్నిగారికి చూపిస్తే ముఖం మాడ్చుకున్నారు. "ఇది ఫిర్యాదా, శుభలేఖా? నా ఉప్మా ఏది?" అన్నారు. 1915 దగ్గర మాత్రం కాస్త శాంతించి, దాని కింద గీత గీయించారు.

కొత్త జార్, కప్లర్ వచ్చాయి. వాటితో పాటు, సేవ ఎలా ఉందో చెప్పమంటూ కంపెనీ ఫారమొకటి పంపింది. నేను నింపుతానన్నా వినకుండా, అది ఆవిడే స్వయంగా నింపారు. రెండు వైపులా.