ఎన్నూరు బూడిద: పొడిగా పట్టుకుంటే ఇటుక, నీళ్లలో కలిపితే కాలుష్యం

చెన్నై ఉత్తర శివార్లలో ఇల్లు కట్టుకునే మనవాళ్లలో చాలామందికి ఫ్లై యాష్ ఇటుకంటే అనుమానం. అంచులు రాలిపోతాయని, గోడ మీద తెల్లటి ఉప్పు పూస్తుందని అంటారు. ఆ ఫిర్యాదులు నిజమే. కానీ తప్పు బూడిదది కాదు, దాన్ని పట్టే పద్ధతిది.

థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు కాలాక పొగతోపాటు లేచే సన్నటి బూడిదను చిమ్నీకి ముందే విద్యుత్ ఫిల్టర్లు పట్టేస్తాయి. అక్కడి నుంచి పొడిగా గోదాములోకి తీసుకుంటే అది సరుకు. అలా కాకుండా బాయిలర్ అడుగున పడే ముతక బూడిదతో కలిపి, నీళ్లు పోసి, పైపుల్లో చెరువుకు పంపితే సగం గుణం అక్కడే పోతుంది. ముతకది పైపు నోటి దగ్గర, సన్నది దూరంగా పేరుకుంటుంది. అందుకే ఒక లారీ బూడిదకూ ఇంకో లారీ బూడిదకూ పొంతన ఉండదు. సముద్రపు నీటితో తోస్తే ఉప్పు కూడా చేరుతుంది. గోడ మీద పూసేది అలాంటి ఉప్పే. ఇనుప చువ్వలున్న కాంక్రీటులోకి వెళ్తే అది చువ్వల్ని తినేస్తుంది.

ఎన్నూరులో ఈ పైపులు పగిలి బూడిద నీళ్లు ఎన్నోసార్లు కొసస్తలైయార్ నదిలోకి, చిత్తడి నేలల్లోకి చేరాయి. సెప్పాక్కం ఊరు బూడిద చెరువు పక్కనే ఉంది. ఎండాకాలం గాలి లేస్తే ఆ దుమ్ము ఇళ్లలోకే వస్తుంది.

ఈ ఇటుక బట్టీలో కాల్చకుండానే గట్టిపడుతుంది. బూడిదలోని సిలికా, సున్నం, నీరు కలిసి నెమ్మదిగా బిగుసుకుంటాయి. బూడిద, సున్నం, జిప్సంలతో ఇటుక చేసే ఫాల్-జి పద్ధతిని రూపొందించింది విశాఖపట్నంలోని భానుమతీదాస్, కాళిదాస్ దంపతులే. సున్నం బదులు సిమెంటు వాడే యూనిట్లూ ఉన్నాయి. వంద కిలోల మిశ్రమంలో సుమారు 60 కిలోల బూడిద వేస్తారనుకుందాం. చెరువు బూడిదలో పొడి బరువుకు పాతిక శాతం తేమ ఉంటే, తూకంలో 60 కిలోలున్నా అసలు బూడిద 48 కిలోలే, మిగతా 12 కిలోలు నీళ్లు. అది పట్టించుకోకుండా మళ్లీ నీళ్లు పోస్తే లోపల గుల్లగా మిగులుతుంది. పైగా ఈ రసాయన చర్య నిదానం. రెండు, మూడు వారాలు తడపకుండా నాలుగో రోజే లారీకి ఎక్కిస్తే అంచులు రాలక ఏమవుతాయి?

కొనేవాళ్లు ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. బాగా ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి, పైతడి తుడిచి మళ్లీ తూచాలి. 3 కిలోలది 3.45 అయితే 15 శాతం పీల్చింది, మంచిదే. 3.6 దాటితే 20 శాతం పరిమితి దాటినట్టే, ఆ లోడు వెనక్కి పంపండి.

పొజొలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా బూడిద కలపొచ్చు. కానీ దానికి సన్నటి, పొడి బూడిదే కావాలి. కేంద్రం 2021 డిసెంబరు 31 నోటిఫికేషన్ బూడిదను వంద శాతం వాడాలంది. ఎంత వాడారన్న లెక్కతో సరిపెట్టకుండా, ఎంత పొడిగా పట్టారో ప్రతి విద్యుత్ కేంద్రమూ వేరుగా చెప్పాలి. ఇప్పటికే చెరువుల్లో ఉన్నదాన్ని ఇటుకల్లోకి తోయకుండా, మట్టి కప్పిన రోడ్డు గట్లకే పంపాలి.