రూపాయిన్నరతో జూదాన్ని ఆపిన వైనం

బడ్జెట్ రోజున టీవీలో ఒక పెద్దమనిషి తప్పకుండా కనిపిస్తాడు. షేర్ల లావాదేవీల మీద పన్ను, అదే ఎస్‌టీటీ, కాస్త పెంచారని స్క్రోలింగ్ రాగానే గంభీరంగా తల పంకించి, "చిన్న పన్నేనండీ, కానీ స్పెక్యులేషన్‌కి కళ్లెం పడుతుంది" అంటాడు. పక్క కుర్చీలో బ్రోకర్ల తరఫున వచ్చినాయన "మార్కెట్ చచ్చిపోతుంది" అంటాడు. ఇరవై ఏళ్లుగా ఇదే సంభాషణ. మార్కెట్ చావలేదు, స్పెక్యులేషన్‌కి కళ్లెం పడలేదు, వీళ్లిద్దరికీ మాత్రం ఏటా పిలుపు వస్తూనే ఉంది.

రెండో ఆయన్ని వదిలేద్దాం, ఆయనకి ఆ ఏడుపు ఏడ్వడమే ఉద్యోగం. నన్ను కాల్చుకు తినేది ఆ మొదటాయన, ముఖ్యంగా ఆ తల పంకింపు.

ఆయన వెనక పెద్దల అండ లేదని కాదు. షేర్ల కొనుగోళ్ల మీద గట్టి పన్ను వేస్తే జూదం తగ్గుతుందేమోనని ఆర్థికవేత్త కీన్స్ 1936లోనే రాశాడు. 1972లో మరో ఆర్థికవేత్త జేమ్స్ టోబిన్ కరెన్సీ మారకం మీద అలాంటిదే ప్రతిపాదించాడు. లెక్క తేలికే. లావాదేవీకి ఇంతని పన్ను వేస్తే, రోజుకి పదిసార్లు కొని అమ్మేవాడికి ఇరవైసార్లు పడుతుంది, కొని పదేళ్లు కూర్చునేవాడికి రెండుసార్లే పడుతుంది. అటూ ఇటూ గెంతేవాడు అలిసిపోతాడు, ఓపికగా ఉన్నవాడికి దెబ్బ తెలియదు. సిద్ధాంతంతో నాకు పేచీ లేదు. మన పెద్దమనిషి దాన్ని మన రేట్ల పట్టిక పక్కన పెట్టి ఒక్కసారైనా చూశాడా అన్నదే నా అనుమానం.

2004 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న ఈ పన్నుని మీరు కట్టక్కర్లేదు, లావాదేవీ జరిగినప్పుడే లెక్కేసి కోసేస్తారు. లాభమొచ్చినా కోత, నష్టమొచ్చినా కోత. ఇప్పుడు 2025 నాటి రేట్లతో ఇద్దరు మనుషుల్ని చూద్దాం. ఒకాయన 18 లక్షల 75 వేల రూపాయల షేర్లు డెలివరీకి కొన్నాడు, పదేళ్లు కదపకూడదని. కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం. అంటే కొన్న రోజునే 1,875 రూపాయలు పోయాయి.

రెండో మనిషికి అంత ఓపిక లేదు. పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ 25,000 దగ్గర ఉంది, ఒక పందెంలో కనీసం కొనాల్సిన లాట్ 75, కాబట్టి ఒక్క లాట్ అంటే సరిగ్గా అదే 18 లక్షల 75 వేల మీద పందెం. ఈయన ఒక కాల్ ఆప్షన్ కొన్నాడు, అంటే ముందే అనుకున్న ధరకి నిఫ్టీని కొనే హక్కు. ఆ హక్కుకి ఇచ్చే ధర, అదే ప్రీమియం, 20 రూపాయలు, లాట్‌కి చేతిలోంచి పోయింది 1,500. ఆప్షన్ కొనేవాడికి ఎస్‌టీటీ లేదు. మధ్యాహ్నం అదే ధరకి అమ్మేశాడు అనుకుందాం. అమ్మకం మీద 0.1 శాతం, అదీ ప్రీమియం మీద మాత్రమే. 1,500కి 0.1 శాతం ఎంత? రూపాయిన్నర.

ఇదీ కళ్లెం.

ఇక్కడ పెద్దమనిషి గొంతు సవరించుకుంటాడు. "అది ఒక్కరోజు లెక్క కదండీ, రోజూ ఆడితే?" అంటాడు. ఆడనిద్దాం. ఏడాదికి 250 ట్రేడింగ్ రోజులు, రోజుకి రూపాయిన్నర, మొత్తం 375 రూపాయలు. ఏడాది పొడవునా రోజూ జూదమాడినవాడు కట్టింది, కొని కదలకుండా కూర్చున్నవాడు ఒక్కరోజులో కట్టినదాంట్లో ఐదో వంతు. "కానీ ఆయన పెట్టుబడి పదిహేను వందలే కదా" అని ఇంకో అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. అయితే ఆ పదిహేను వందలు సాయంత్రానికి మూడు వేలవుతాయా సున్నా అవుతాయా అని గోళ్లు కొరుక్కుంటున్న మనిషిని చూడండి. కొన్నప్పుడు ఇరవై, అమ్మినప్పుడు ఇరవై బ్రోకరేజీ ఇచ్చుకుని కూడా చలించనివాడు, రూపాయిన్నర చూసి "అయ్యో, ఇంత ఖర్చా, నాకీ స్పెక్యులేషన్ వద్దు" అని లాప్‌టాప్ మూసేస్తాడా? 2026 బడ్జెట్‌లో ఈ రేటుని 0.15 శాతం చేశారు. అంటే ఇప్పుడు రెండుంబావు. వణుకు పుట్టాలి మరి.

నిజానికి ఇలాంటి పన్ను వల్ల చేయి ఆగేది ఒక్కడికే. కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ నిరంతరం రెండు వైపులా ధర చెబుతూ, మధ్యనున్న కొద్ది పైసల తేడా మీద బతికేవాడికి. వాడు ఆ తేడా పెంచుతాడు, దాన్ని మోసేది మళ్లీ మామూలు జనమే. మూడింతలు చేసుకుందామని వచ్చినవాడికి ఇది దోమకాటు కూడా కాదు.

ఆప్షన్ల మీద ఇంత దయ మొదట్లో లేదు. ముందే అనుకున్న ఆ ధరనీ, అంటే స్ట్రైక్ ధరనీ, ప్రీమియాన్నీ కలిపి పన్ను వేసేవాళ్లు, 2008లో దాన్ని ప్రీమియానికే కుదించారు. ఒక మూల మాత్రం మర్చిపోయారు, ఆ మూలే నాకు భలే ఇష్టం. గడువు తీరే రోజున, అంటే ఎక్స్‌పైరీ రోజున, లాభంలో ఉన్న ఆప్షన్‌ని అమ్మకుండా వదిలేస్తే అది దానంతటదే ఎక్సర్‌సైజ్ అవుతుంది, అంటే ఆ హక్కు వాడుకున్నట్టు లెక్క. అప్పుడు కొన్నవాడి మీద 0.125 శాతం పడేది, అదీ ప్రీమియం మీద కాదు, లాభం మీద కాదు, మొత్తం కాంట్రాక్టు విలువ మీద.

ఆ రోజుల్లో ఒక ఎక్స్‌పైరీ గురువారం మధ్యాహ్నం ఊహించుకోండి. మీ దగ్గర నిఫ్టీ 11,000 కాల్ ఒక లాట్, 75 ఉంది. మార్కెట్ 11,005 దగ్గర ముగిసింది. మీరు గెలిచారు! ఐదు పాయింట్లు, 75తో గుణిస్తే 375 రూపాయలు. పన్ను? 11,005ని 75తో గుణిస్తే 8,25,375, దాని మీద 0.125 శాతం, సుమారు 1,032 రూపాయలు. గెలిచిన 375 చేతికొచ్చి, 1,032 పోయింది. అదే మార్కెట్ ఆరు పాయింట్లు పడి 10,999 దగ్గర ముగిసుంటే ఆప్షన్ విలువ సున్నా, పన్నూ సున్నా, మీరు 657 రూపాయలు మిగిల్చుకున్నట్టు. దాదాపు పద్నాలుగు పాయింట్ల లోపు ఏ గెలుపైనా ఓటమి కన్నా హీనం. పెరుగుతుందని పందెం కాసినవాడు మూడుంపావుకి స్క్రీన్ ముందు కూర్చుని "స్వామీ, ఒక్క ఆరు పాయింట్లు పడెయ్యి" అని మొక్కుకోవాలి. ఐదు రూపాయల విలువైన ఆప్షన్‌ని రెండు రూపాయలకైనా వదిలించుకోవాలి. ఇలా భయపడి అమ్మేవాళ్ల దగ్గర చవగ్గా కొనే ఘనులు ఇంకొందరు, చివరి నిమిషంలో మార్కెట్ ఇంకో ఇరవై పాయింట్లు ఎగురుతుందని వాళ్ల ఆశ. స్పెక్యులేషన్‌ని ఆపడానికి పుట్టిన పన్ను, తన మీదే ఒక కొత్త స్పెక్యులేషన్‌ని కనిపెట్టింది. ట్రేడర్లు దీన్ని ఎస్‌టీటీ ట్రాప్ అనేవాళ్లు. 2019 సెప్టెంబరు 1 నుంచి ఈ పన్నుని లాభపు భాగానికే పరిమితం చేశారు. పై లెక్కలో 1,032 కాస్తా 47 పైసలైంది. ఆ రెండు అంకెల్లో ఏది "కళ్లెం" అని పెద్దమనిషిని అడగాలని ఉంది.

ఇంతలో ఎవరో స్వీడన్ పేరెత్తుతారు, ఎత్తాలి కూడా. అక్కడ 1984లో షేర్ల మీద కొన్నప్పుడు అర శాతం, అమ్మినప్పుడు అర శాతం వేశారు, 1986లో రెట్టింపు చేశారు. పెద్ద షేర్ల వ్యాపారం చాలావరకు లండన్‌కి వెళ్లిపోయింది. 1989లో బాండ్ల మీద నామమాత్రపు పన్ను వేస్తే మొదటి వారంలోనే బాండ్ల ట్రేడింగ్ 85 శాతం పడిపోయింది. 1991 చివరికి అన్నీ ఎత్తేశారు. దీన్ని చూపించి బ్రోకర్ల ఆయన "చూశారా, ఇలాంటి పన్నే వద్దు" అంటాడు. కాదు. షేర్ల అమ్మకం ఎక్కడ జరిగినా తమ కంపెనీ షేరైతే చాలు అని బ్రిటన్ అర శాతం స్టాంపు డ్యూటీ హాయిగా వసూలు చేస్తూనే ఉంది. స్వీడన్ చెప్పేదల్లా పందెం పన్ను పలచగా ఉన్న చోటికి నడిచి వెళ్తుందని. స్వీడన్‌లో లండన్ దాకా వెళ్లాల్సి వచ్చింది. మన దగ్గర ఆ కష్టం కూడా లేదు, అదే యాప్‌లో పక్క ట్యాబ్ నొక్కితే చాలు.

ఇంకో మాట, ఇది తల్చుకుంటే నాకు వెటకారం రాదు, ఒళ్లు మండుతుంది. 2004లో ఈ పన్ను పెట్టినప్పుడు ఏడాదికి మించి దాచుకున్న షేర్ల లాభంపై పన్ను తీసేశారు, ఇది దానికి బదులు అన్నారు. 2018లో ఆ లాభాల పన్ను 10 శాతంతో తిరిగొచ్చింది, 2024లో 12.5 అయింది. బదులుగా వచ్చింది మాత్రం పోలేదు. పైగా ఆప్షన్లు ఆడేవాడు ఎస్‌టీటీని వ్యాపార ఖర్చుగా చూపించుకోవచ్చు. దాచుకున్నవాడు తన మూలధన లాభంలోంచి దాన్ని తీసేసుకోవడానికి వీల్లేదు.

స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో చెప్పింది, మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్లూ ఆప్షన్లూ ఆడిన మామూలు మనుషుల్లో 93 శాతం మంది నష్టపోయారని, ఆ నష్టం ఒకటీ ముప్పావు లక్షల కోట్లకు పైనేనని. ఆడేవాళ్లలో ముప్పై ఏళ్ల లోపు వాళ్లు 43 శాతం. పిల్లలు! మొదటి జీతాలు, అప్పు యాప్‌ల డబ్బు, అమ్మానాన్నలకి చెప్పని నష్టాలు. అవతలి వైపు లాభాల్లో అత్యధిక భాగం కంప్యూటర్ ప్రోగ్రాములతో ఆడే సంస్థలది. ఇది తెలిసిన ప్రభుత్వం, 2024-25కి ఎస్‌టీటీ రాబడి 37 వేల కోట్లని వేసుకుని, మధ్యలో దాన్ని 55 వేల కోట్లకి సవరించుకుని, మరుసటి ఏడాదికి 78 వేల కోట్లని రాసుకుంది. తగ్గిద్దామనుకున్నదాని మీద ఎవరైనా ఏటేటా పెరిగే అంచనా వేసుకుంటారా? ఆ పిల్లలు రేపు ఆడడం మానేస్తే ఆ పద్దు ఎలా నిండుతుంది? సిగ్గులేదా, దీన్ని కళ్లెం అనడానికి?

ఏం చేస్తే పని జరుగుతుందో తెలియదా అంటే, తెలుసు. 2024 నవంబరు 20 నుంచి వారపు ఎక్స్‌పైరీలు ఎక్స్‌ఛేంజికి ఒక్క ఇండెక్స్‌కే పరిమితం చేశారు, కాంట్రాక్టు కనీస విలువని 15 లక్షలకు పెంచారు. దాంతో ఆప్షన్ల పరిమాణం బాగా తగ్గింది. అది చేసింది సెబీ, పన్ను కాదు. అప్పుడు మాత్రం టీవీలో తల పంకించడానికి మన పెద్దమనిషి రాలేదు, బ్రోకర్ల ఆయన ఒక్కడే వచ్చి నిజంగా ఏడ్చాడు.