ఒక్క ‘ఓ’ చూస్తే చాలు
“అక్షరాలకి తోకలుంటే పాత ఫాంటు, లేకపోతే కొత్తది” – ఇది మాత్రం నేను ఒప్పుకోను. తోకలంటే అక్షరం గీతల చివర ఉండే చిన్న అడ్డగీతలు. టైమ్స్ న్యూ రోమన్‌కి తోకలున్నాయి, వచ్చిందేమో 1932లో. తోకల్లేని అక్జిడెంజ్ గ్రోటెస్క్ 1898 నాటిది. ఫాంటు ఏ రకందో తెలియాలంటే నేనైతే ముందు ఇంగ్లిష్ ‘ఓ’ చూస్తాను. గారమండ్ లాంటి ఓల్డ్ స్టైల్‌లో గీత సన్నబడేది గడియారంలో పదకొండు, ఐదు అంకెల దగ్గర, కలం వాలుగా పట్టి రాసినట్టు. డిడోన్ రకమైన బొడోనీలో సరిగ్గా పన్నెండు, ఆరు దగ్గర, అదీ వెంట్రుకంత సన్నగా. తోకల్లేని గ్రోటెస్క్ రకంలో చుట్టూ దాదాపు ఒకటే మందం. ఆ వెంట్రుక గీతలతో నేనొకసారి దెబ్బతిన్నాను లెండి, మా చెల్లి పెళ్లికార్డులో అడ్రస్ బొడోనీలో చిన్న సైజులో పెట్టిస్తే, మెరూన్ కాగితం మీద బంగారు రంగులో సన్న గీతలన్నీ ఎగిరిపోయి ప్రతి ‘ఓ’ రెండు బ్రాకెట్లలా మిగిలింది.